కమిషనర్ గారికి బహిరంగ లేఖ: 200 ఎంఎం పైపు లోపల 200 ఉండదు సార్

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, ఛైర్‌పర్సన్ గారికి, చదివే ఓపికుంటే వార్డు కౌన్సిలర్లందరికీ కూడా,

నమస్కారం. ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన అర్జీలకి "పరిశీలనలో ఉంది" అని మెసేజ్ వస్తోంది, ఆఫీసుకొస్తే "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంటున్నారు, అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సొస్తోంది, ఏమనుకోకండి. నేను నీళ్ల పనుల్లోనే ఉద్యోగం చేసి రిటైరయిన మనిషిని. పైపు వేయించడం, పగిలిన చోట గుంట తవ్వించి చూడటం, అర్ధరాత్రి పంపు ఆగితే పరిగెత్తడం, ఇదే నా జీతం. కాబట్టి మన ఊరికి కొత్త తాగునీటి లైను వేయడం మీద కౌన్సిల్‌కి పెట్టిన ఆ నాలుగు పేజీల ఫీజిబిలిటీ సమ్మరీ చేతికి రాగానే రంగుల మ్యాప్ చూడలేదు, నేరుగా టేబుల్‌కే వెళ్లా.

మూడు ఆప్షన్లు రాశారు. ఒకటి వాగులో కొత్త బోర్లు. అది తీసేశారు, మంచి పని చేశారు, ప్రకాశం పడమటి వైపు ఫ్లోరైడ్ సంగతి చెప్పక్కర్లేదు, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ఉన్నా తాగిన తరాలు ఇక్కడ ఇంకా కర్ర పట్టుకుని నడుస్తున్నాయి. రెండోది సాగర్ కాలవ మీదున్న, ఎండాకాలానికి నీళ్లు నిల్వ చేసే ఎస్ఎస్ ట్యాంకు నుంచి 8 కిలోమీటర్లు 200 ఎంఎం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ లైను. మూడోది అదే దారిలో 280 ఎంఎం లైను, మీటరుకి దాదాపు వెయ్యి రూపాయలు ఎక్కువ, అంటే మొత్తం మీద ఓ 80 లక్షలు ఎక్కువ. చివర్లో ఒకే వాక్యం, "తక్కువ ఖర్చు దృష్ట్యా ఆప్షన్ 2 సిఫార్సు చేయడమైనది". అంతే. 18 వేల మంది దాహం ఆ ఒక్క వాక్యంలో తేల్చేశారు.

తక్కువ ఖర్చు ఎవరికి సార్?

లెక్క మీరే చూడండి, మీ సమ్మరీలో అంకెలే తీసుకుంటా, నావి ఒక్కటీ కలపను. తలకి రోజుకి 135 లీటర్లు, 18 వేల మంది, అంటే రోజుకి 24 లక్షల 30 వేల లీటర్లు. పంపు 16 గంటలు నడుస్తుందన్నారు, కాబట్టి సెకనుకి 42 లీటర్లు పైపులో పోవాలి. ఎత్తు తేడా, ఓవర్‌హెడ్ ట్యాంకుతో కలిపి, 30 మీటర్లు. ఇక పైపు గోడలకి నీళ్లు రాసుకుంటూ పోవడం వల్ల పోయే ప్రెషర్ ఉంటుంది కదా, దాన్ని 200 ఎంఎంకి 65 మీటర్లని వేశారు. రెండూ కలిపితే పంపు తోయాల్సిన ఎత్తు, అంటే హెడ్, 95 మీటర్లు. పైపేమో పది కేజీల ప్రెషర్ పైపు, అంటే 100 మీటర్ల హెడ్ దాకా తట్టుకుంటుంది. 95కి 100, సరిపోయింది, సంతకం పెట్టేశారు.

ఇక్కడే అసలు సంగతి. హెచ్‌డీపీఈ పైపు మీద 200 అని ఉంటే అది బయటి కొలత సార్. డీఐ అనే ఇనప పైపుకి 200 అంటే దాదాపు లోపలి బొర్రే, హెచ్‌డీపీఈకి కాదు. పది కేజీల 200 పైపు గోడ మందం ఇంచుమించు 12 ఎంఎం, అటు 12, ఇటు 12 పోతే లోపల మిగిలేది 176. నమ్మకపోతే మీ స్టోరు వెనక ఎండలో పడేసిన పాత పైపు ముక్కలు ఉన్నాయి, ఒకదాని మూతికి అడ్డంగా టేపు పెట్టి కొలవమనండి, రెండు నిమిషాల పని. సమ్మరీ రాసినాయన టేబుల్‌లో డీఐకి వాడే కొలతనే హెచ్‌డీపీఈకి కూడా పెట్టి లెక్క కట్టాడు.

24 ఎంఎంకే ఇంత గోలా అంటారేమో. పైపు లోపల కొలత తగ్గేకొద్దీ రాపిడి దాదాపు అయిదో ఘాతంలో పెరుగుతుంది, హేజెన్ విలియమ్స్ ఫార్ములా ఇంజినీరింగ్ చదివిన ప్రతి ఒక్కరూ పరీక్షలో రాసిందే. 200 దగ్గర 65 మీటర్లున్న నష్టం 176 దగ్గర 120 మీటర్లు దాటుతుంది. ఎత్తు 30 కలిపితే 150. మీ పైపు తట్టుకునేది 100. అంటే సమ్మరీలో రాసినన్ని నీళ్లు ఆ పైపులో పంపాలంటే పైపే పగలాలి, పగలకూడదనుకుంటే అన్ని నీళ్లు రావు. మధ్యలో కరెంటు పోయి పంపు ఠక్కున ఆగిందంటే వెనక్కి తన్నే దెబ్బ ఇంకోటి, దానికి పక్కన పెట్టిన మార్జిన్ ఆ 95కి 100 లెక్కలోనే లేదు, ఇక 150 సంగతి ఏం చెప్పాలి.

నిజానికి జరిగేదేంటంటే, 95 మీటర్లకని కొన్న 80 హెచ్‌పీ పంపు ఆ లైను మీద రావాల్సిన నీళ్లలో పావు వంతు దాకా తక్కువ తోస్తుంది. 16 గంటల్లో నిండాల్సిన ట్యాంకుకి 21 గంటలు పడుతుంది. మన ఫీడర్ మీద ఎండాకాలం 21 గంటలు కరెంటు ఆగకుండా ఉన్న రోజు ఎప్పుడో మీకు గుర్తుంటే చెప్పండి, నాకైతే గుర్తులేదు. అప్పుడు ఆపరేటర్‌ని తిడతారు, పంపు బాగోలేదని రిపేరుకి పంపుతారు, వైండింగ్ బిల్లు పెడతారు. పైపు సన్నంగా ఉందని ఎవరూ అనరు, అది భూమిలో ఉంటుంది కదా, కనపడదు.

సరే, 176 సంగతి మర్చిపోదాం, సమ్మరీలో ఉన్నట్టు 95 మీటర్లే అనుకుందాం. అప్పుడు కూడా ఆప్షన్ 2 చౌక కాదు. 280 పైపుకి లోపల 247 దాకా ఉంటుంది, అందులో రాపిడి నష్టం 23 మీటర్లు, మొత్తం 53. 80 హెచ్‌పీ పంపు చోట 45 హెచ్‌పీ సరిపోతుంది. పంపు, మోటారు కలిపి 65 శాతం పనితనం అని వేసుకున్నా రెండింటికీ మధ్య తేడా 27 కిలోవాట్ల దగ్గర, రోజుకి 16 గంటలు, యూనిట్ 7 రూపాయలు వేసుకోండి, రోజుకి మూడు వేలు, ఏడాదికి దాదాపు 11 లక్షలు. మీరు మిగిల్చిన 80 లక్షలు ఏడెనిమిదేళ్లలో కరెంటు బిల్లు తినేస్తుంది. పైపులైనుని 30 ఏళ్లకి డిజైన్ చేస్తాం. మిగతా ఇరవై రెండేళ్లు ఆ 11 లక్షలు ఎవరి జేబులోంచి?

మా జేబులోంచే. లైను వేసే డబ్బుల్లో సగం అమృత్ నుంచి వస్తుంది, లక్ష లోపు జనాభా ఉన్న టౌన్లకి 50 శాతం కేంద్రం వాటా, అది అందరికీ తెలిసిందే. కరెంటు బిల్లుకి మాత్రం ఢిల్లీ నుంచి ఎవరూ రారు, ఇంటిపన్నులోంచి, కుళాయి పన్నులోంచి కట్టాలి. ఎస్టిమేట్ చిన్నగా చూపిస్తే శాంక్షన్ త్వరగా వస్తుంది, శాంక్షన్ తెచ్చినాయన ట్రాన్స్‌ఫర్ అవుతాడు, బిల్లు మాత్రం ఊరిదగ్గరే ఉంటుంది. ఇప్పటికే వీధిలైట్ల బకాయిలకి డిస్కం వాళ్లు నోటీసులు ఇస్తున్న మున్సిపాలిటీకి ఇంకో 80 హెచ్‌పీ తగిలిస్తే ఏమవుతుందో వేరే స్టడీ అక్కర్లేదు.

ఇదంతా కాగితం లెక్క అని తీసిపారేయకండి, నీళ్లు తక్కువ తోస్తే ముందు ఎండేది చివరి వార్డే. మా వీధిలో కుళాయి దగ్గరికి ఒక్కసారి రండి సార్. ప్రతి ఇంటి ముందూ మోకాలు లోతు గుంట ఉంటుంది, కుళాయి ఆ గుంటలో ఉంటుంది. ప్రెషర్ లేక నీళ్లు నేల పైకి ఎక్కవు కాబట్టి జనమే గుంట తవ్వి పైపుని కోసి కిందకి దింపుకున్నారు. ఆడవాళ్లు వంగి గుంటలోంచి బిందె పైకి లాగాలి, అదీ మూడు రోజులకోసారి, అదీ ఏ టైముకి వదులుతారో వాచ్‌మ్యాన్‌కి కూడా తెలీదు, ఒకసారి తెల్లారి నాలుగింటికి, ఒకసారి రాత్రి పదకొండుకి. పై వీధి వాళ్లు కుళాయికే మోటారు బిగించి లాగుతారు, తప్పే, కానీ వాళ్లకి కూడా నీళ్లు కావాలి కదా. వానొస్తే ఆ గుంటలో మురికినీళ్లు నిలబడతాయి, లైను ఖాళీగా ఉన్నప్పుడు అవే కుళాయిలోంచి వెనక్కి లోపలికి పోతాయి, మర్నాడు మొదటి బిందె వాసనొస్తుంది. చివరి కుళాయిలో లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని రూలుంది, అది చూడటానికి టెస్ట్ కిట్ పట్టుకుని మా వీధికి ఎవరైనా వచ్చారా? పోయిన సంక్రాంతికి నీళ్లన్నారు, తర్వాత ఉగాది అన్నారు, ఏ ఏడాది ఉగాదో చెప్పలేదు, అది మా పొరపాటే, అడిగుండాల్సింది.

ఇంకొక్కటి, క్లుప్తంగా. ఎస్ఎస్ ట్యాంకులో 60 రోజుల నిల్వ ఉంటుందని రాశారు. 4 మీటర్ల లోతు ట్యాంకులో అడుగున అర మీటరు బురదే, పంపుకి అందదు. ఎండాకాలం రోజుకి ఏడు మిల్లీమీటర్లు ఆవిరి వేసుకుంటే 60 రోజులకి ఇంకో 40 సెంటీమీటర్లు పోతుంది. కట్ట కింద భూమిలోకి ఇంకిపోయే నీళ్లు లెక్కేయకుండానే 60 రోజులు 46 అవుతాయి. కాలవ కట్టేసి మళ్లీ వదిలేలోపు మిగతా రోజులకి ట్యాంకర్లే, ట్యాంకర్ల కాంట్రాక్టు ఎవరిదో ఊరంతా తెలుసు, నేను రాయను.

నేను 280 పైపే వేయమని పట్టుబట్టడం లేదు. డీఐ వేస్తారా, 250 వేసి చూస్తారా, మీ ఇష్టం, కానీ ప్రతి పైపుకీ లోపలి కొలత ఎంత, మొత్తం హెడ్ ఎంత, ఏడాదికి కరెంటు బిల్లు ఎంత, ఈ మూడూ నిర్మాణ ఖర్చు పక్కనే ఒక కాలమ్‌లో పెట్టి మళ్లీ కౌన్సిల్‌కి పంపండి. పాత సమ్మరీ మీద తీర్మానం చేయొద్దు. చేశాక మార్చాలంటే రివైజ్డ్ ఎస్టిమేట్, దానికి టెక్నికల్ శాంక్షన్, దానికి ఇంకో రెండు ఉగాదులు, ఆ దారి మాకంటే మీకే బాగా తెలుసు. దయచేసి ఆపండి సార్. కౌన్సిలర్లూ, మీకు కూడా చెప్తున్నా, చెయ్యి ఎత్తే ముందు "లోపలి కొలత ఎంత" అని ఒక్కరైనా అడగండి, జవాబు రాకపోతే ఎజెండాలో ఆ ఐటెం వాయిదా వేయించండి. లెక్క కాగితం నా దగ్గరుంది, మీ ఏఈ గారిని ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తా, మీ క్యాలిక్యులేటర్ మీదే చేసి చూపిస్తా.

ఇట్లు,
చివరి వార్డు కుళాయిదారుడు