లింకు నొక్కవద్దనేవారు ఏది నొక్కవచ్చో కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో ఉన్న పిల్లలు పంపిన లింకుతో కుటుంబ వీడియో కాల్‌లో చేరడం నేర్చుకున్న ఒక వృద్ధుడైన తండ్రి కథ ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చింది. తండ్రి మనసును రచయిత చక్కగా పట్టుకున్నారు గాని, మనవడు చూపించగానే ఆయన లింకు నొక్కారని, అందరూ కనిపించారని రెండు వాక్యాల్లో తేల్చేశారు. కోనసీమలో పత్రికలు చదవడానికి గ్రంథాలయానికి వచ్చే పెద్దల ఫోన్లు తరచుగా చూసే విశ్రాంత గ్రంథపాలకుడిగా, అసలు కథంతా ఆ రెండు వాక్యాల మధ్యనే ఉందని మనవి చేస్తున్నాను.

మా పక్క లంక గ్రామంలోని కొబ్బరి రైతు ఒకరికి కుమారుడు దుబాయ్‌లోనూ, కుమార్తె డాలస్‌లోనూ ఉన్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌ను అనుమతించరు కనుక, అక్కడ పనిచేసే జూమ్‌లో కలుసుకుందామని పిల్లలు అనుకున్నారు. కుమార్తె ఒక శనివారం సాయంత్రానికి లింకు పంపింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. లింకులు నొక్కవద్దని బ్యాంకు నుంచి వచ్చిన సందేశాలు ఆయన ఫోన్లో ఉన్నాయి; వాట్సాప్‌లో శుభలేఖ పేరుతో వచ్చిన, ఫోన్లో దొంగ యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు తెరిచి డబ్బు పోగొట్టుకున్నవారి గురించి ఊళ్లో విన్నారు. అందుకే ముందు కుమార్తెకు మామూలు ఫోన్ చేసి, ‘అమ్మాయ్, ఇది నువ్వే పంపావా?’ అని అడిగాకే నొక్కారు. చదువుకున్నవారిలో ఎంతమంది ఈపాటి జాగ్రత్త పడుతున్నారో నాకు సందేహమే.

చిక్కు ఆ తరువాత వచ్చింది. జూమ్ తెరుచుకోగానే కెమెరా వాడుకోవచ్చా, మైక్రోఫోన్ వాడుకోవచ్చా అని ఫోన్ అడిగింది. ఎవరేమి అడిగినా ఒప్పుకోవద్దన్న హెచ్చరిక మనసులో ఉన్నందున, రెంటికీ ‘అనుమతించవద్దు’ అని నొక్కారు. మరుసటి శనివారమూ అదే సమాధానం ఇచ్చారు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక యాప్‌కు ఒకే అనుమతిని రెండుసార్లు నిరాకరిస్తే, అదే శాశ్వత నిర్ణయమని భావించి ఫోన్ ఇక ఆ ప్రశ్న వేయదు. ఆయనకు పిల్లలందరూ కనిపిస్తున్నారు, మాటలు వినిపిస్తున్నాయి; వారికి మాత్రం నల్లటి గడిలో తండ్రి పేరొక్కటే కనిపిస్తోంది. ‘నాన్నగారూ, మ్యూట్ తీయండి’ అని అటునుంచి కేకలు. అది మ్యూట్ వల్ల వచ్చిన సమస్య కాదు. మాట, బొమ్మ రెండూ ఒకేసారి అందకపోతే ముందుగా అనుమతులనే చూడాలి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో జూమ్, అందులో పర్మిషన్స్ తెరిచి కెమెరాకు, మైక్రోఫోన్‌కు విడివిడిగా, యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అన్న అనుమతి ఇస్తే సరిపోతుంది. ఆయన చిక్కు కూడా అలాగే తీరింది. అయితే ఉచిత ఖాతాలో మాట్లాడుకుంటున్నందున 40 నిమిషాలకు కాల్ దానంతటదే ముగిసింది, తానే ఏదో నొక్కేశానని పాపం ఆయన బెంగపడ్డారు.

నవంబరులో మరొకటి. సాయంత్రం 6:30కి ఎప్పటిలాగే కూర్చుంటే అవతల ఎవరూ లేరు. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. డాలస్‌లో ఉదయం 8 గంటలంటే ఆ వారం నుంచి మనకు రాత్రి 7:30. మార్చి రెండో ఆదివారం నుంచి మళ్లీ 6:30. పిల్లలు లింకుతో పాటు భారత కాలమానం రాసి పంపితే ఆ పెద్దాయన గంటసేపు ఖాళీ తెరను చూస్తూ కూర్చోవలసిన పని ఉండదు.

బ్యాంకులు, పోలీసులు చేస్తున్న హెచ్చరికలను నేను తప్పుపట్టడం లేదు. మోసపోయిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలన్న సంగతి ఇంకా చాలా గడపలకు చేరవలసే ఉంది. కాని ‘ఏదీ నొక్కవద్దు’ అన్న ఒక్క మాటతో ఆపేస్తే, పెద్దలు దొంగ లింకుకూ కూతురు పంపిన లింకుకూ ఒకేలా భయపడతారు. మామూలు జూమ్ లింకులో https:// తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగం zoom.us తో ముగుస్తుంది. కాల్‌లో చేరడానికి ఓటీపీ గాని, యూపీఐ పిన్ గాని, వాట్సాప్‌లో వచ్చిన ఫైలును ఇన్‌స్టాల్ చేయడం గాని అవసరం లేదు. అవి అడిగితే అక్కడే ఆపేయాలి. చిరునామా సరిగా ఉన్నంత మాత్రాన పంపినవారు మనవారని కాదు కనుక, ఆ రైతు చేసినట్టు ముందు ఫోన్ చేసి అడగడం తప్పనిసరి.

ఈ నాలుగు సంగతులను పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చువేసి, పింఛనుదారులు వచ్చే బ్యాంకు శాఖల్లోనూ, శాఖా గ్రంథాలయాల్లోనూ గోడకు అతికించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
కోనసీమ