పాత రీళ్ల మీది చుక్కలు, గీతలు, వెలుగు అదురు: మా పని పద్ధతిలో చేస్తున్న మార్పు

"రీలు స్కాన్ చేసి ఇచ్చారు సరే, ఆ నల్ల చుక్కలూ గీతలూ అలాగే ఉన్నాయేమిటండీ? ఈ రోజుల్లో ఒక్క బటన్ నొక్కితే పోతాయంటున్నారే?"

పోతాయి. అయితే చుక్కలతోపాటు తలంబ్రాలూ పోతాయి. అందుకే ఆ ఒక్క బటన్ పనిని మా మామూలు సేవలోంచి ఈ నెల నుంచి తీసివేస్తున్నాము. ఇకపై ప్రతి రీలుకూ మీకు రెండు ఫైళ్లు అందుతాయి: స్కానర్ నుంచి వచ్చినది వచ్చినట్టుగా ఒకటి, ఒక్కొక్క దృశ్యాన్నీ విడిగా చూసుకుంటూ శుభ్రం చేసినది మరొకటి. దీనివల్ల మునుపటికంటే ఎక్కువ రోజులు పడతాయి, ఖర్చు కూడా కొంత పెరుగుతుంది. డబ్బు ఇచ్చేది మీరు కాబట్టి, ఆ డబ్బు దేనికి పోతుందో వివరంగా చెప్పడం న్యాయం.

ఇటీవల మా వద్దకు వచ్చిన ఒక పెళ్లి రీలును, ఆ కుటుంబం అనుమతితో, ఉదాహరణగా తీసుకుంటున్నాము. అది యాభై అడుగుల స్టాండర్డ్ 8, అంటే 8 ఎం.ఎం. వెడల్పున్న ఫిల్ము రీలు. అందులో సుమారు 4,000 ఫ్రేములు ఉంటాయి. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున ఆడిస్తే నాలుగు నిమిషాల పది సెకన్లు వస్తుంది. ఇంట్లో తీసుకున్న సినిమాలలో చాలా భాగం లాగే ఇది కూడా రివర్సల్ ఫిల్ము, అంటే దీనికి వేరే నెగటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మే డెవలప్ చేసిన తర్వాత ప్రొజెక్టర్‌లోనూ తిరుగుతుంది. ఈ సంగతి ముందు ముందు చాలా ముఖ్యమవుతుంది.

చుక్కలను తీసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటి ప్రాథమిక సూత్రం ఒకటే. ఒక ఫ్రేమును దాని ముందు ఫ్రేముతోనూ తర్వాతి ఫ్రేముతోనూ పోల్చి చూస్తుంది. ముందూ లేక, తర్వాతా లేక, మధ్యలో ఒక్క ఫ్రేములో మాత్రమే ఏదైనా కనిపిస్తే అది దుమ్ము అని తేల్చుకుని, ఆ కాస్త మేరకు పక్క ఫ్రేములోని బొమ్మను తెచ్చి అతికిస్తుంది. ఫిల్ము మీద దుమ్ము ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము వేరుగా అంటుకుని ఉంటుంది కనుక ఈ ఊహ చాలాసార్లు సరిపోతుంది. కానీ తలంబ్రాల దృశ్యంలో వధువు దోసిలి నుంచి గాలిలోకి లేచిన ఒక్కొక్క గింజ కూడా, సెకనులో పదహారో వంతు గడిచేసరికి మరో చోటికి వెళ్లిపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లెక్కలో అది కూడా ఒక్క ఫ్రేములోనే కనిపించి మాయమైన చుక్కే. మేము ప్రయోగంగా ఆటోమేటిక్ పద్ధతిలో పూర్తి జోరు మీద నడిపి చూసినప్పుడు, వధూవరులు ఖాళీ చేతులు ఎత్తి ఒకరి తల మీద ఒకరు ఏమీ లేనిదాన్ని పోసుకుంటున్నట్టు వచ్చింది. వాన చినుకులు, కాకరపువ్వొత్తుల రవ్వలు, పిల్లవాడు విసిరిన బంతి, ఇవన్నీ ఇదే విధంగా మాయమవుతాయి.

ఇక్కడే రివర్సల్ ఫిల్ము అన్న సంగతి అక్కరకు వస్తుంది. దీని మీద పడిన దుమ్ము దీపపు వెలుగును నేరుగా అడ్డుకుంటుంది కాబట్టి అది ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. పందిరి నీడ మీద ఎగురుతున్న గింజలు తెల్లగా ఉంటాయి. కాబట్టి ఆ దృశ్యం వరకు, చుట్టుపక్కల కంటే నల్లగా ఉన్న చుక్కలనే తీయమని, తెల్లవాటి జోలికి వెళ్లవద్దని అమర్చుకున్నాము. తలంబ్రాలు నిలిచాయి, దుమ్ము పోయింది. వరుడి తెల్లని పంచె మీదుగా జారే గింజలు మాత్రం పంచె కంటే ముదురుగా కనిపిస్తాయి గనుక, ఆ భాగాన్ని మినహాయించి అక్కడి చుక్కలను చేత్తో తీయవలసి వచ్చింది. అలాగే పైపూత, అంటే ఎమల్షన్, పెచ్చులుగా ఊడిన చోట్ల తెల్లని మచ్చలు ఉంటాయి. అవి కూడా చేతిపనికే మిగిలాయి. మీ రీలు నెగటివ్ నుంచి తీసిన 16 ఎం.ఎం. ప్రింటు అయితే సంగతి వేరు: ప్రింటు తీసేనాడు నెగటివ్ మీద ఉన్న దుమ్ము తెల్లని చుక్కగా బొమ్మలోనే ముద్రపడిపోయి ఉంటుంది, ఫిల్మును ఎంత తుడిచినా అది కదలదు.

గీతల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ప్రొజెక్టర్ గేటులో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు, ఫిల్ము కదిలినంత మేరా నిలువుగా ఒకే చోట గీసుకుంటూ పోతుంది. ముందు ఫ్రేములోనూ తర్వాతి ఫ్రేములోనూ గీత అదే చోట ఉంటుంది కనుక, ఇందాక చెప్పిన పోలిక ఇక్కడ పనికిరాదు. గీతకు కుడి ఎడమల ఉన్న రంగును సాగదీసి మధ్య సందు పూడ్చడమే దారి. ఆకాశం మీదో సున్నపు గోడ మీదో ఈ పూడిక ఎవరికీ తెలియదు. కన్ను మీదుగా, చీర అంచు మీదుగా గీత వెళితే పూడ్చిన చోట అలికినట్టు అవుతుంది, ఆ అలుకుడు గీత కంటే ఎక్కువగా కంటికి కొడుతుందని మా అభిప్రాయం. అలాంటి చోట గీతను ఉంచేస్తాము.

పైగా ఈ పద్ధతికి పందిరి గుంజకూ గీతకూ తేడా తెలియదు. మాకు తేడా తెలియడానికి ఒక గుర్తు ఉంది. మేము స్కాన్ చేసేటప్పుడు ఫ్రేము అంచులు దాటి, రెండు ఫ్రేముల మధ్య ఉండే నల్లని సందు కూడా కొంత కనిపించేలా తీస్తాము. గుంజ బొమ్మలోని వస్తువు కాబట్టి ఫ్రేము అంచు దగ్గర ఆగిపోతుంది. గీత ఫిల్ము మీదిది కాబట్టి ఆ సందును కూడా కోసుకుంటూ కింది ఫ్రేములోకి సాగిపోతుంది. కొందరు అడుగుతుంటారు గనుక చెబుతున్నాము, అసలు ఫైలులో అంచులు నల్లగా ఉండటానికి కారణం ఇదే.

గీత ఫిల్ముకు ఏ పక్కన ఉందన్నది కూడా చూడాలి. నిగనిగలాడే బేసు, అంటే ఎమల్షన్‌ను మోసే పారదర్శకమైన పట్టీ, పక్కన ఉంటే బొమ్మ చెడలేదని అర్థం. వెలుగు ఆ గాడిలో చెదిరిపోవడం వల్లనే అది నల్లగా కనిపిస్తుంది. అన్ని వైపుల నుంచీ సమంగా పరుచుకునే మెత్తని వెలుగుతో స్కాన్ చేస్తే అలాంటివి చాలావరకు తగ్గుతాయి, మా స్కానర్‌లో ఉన్నది ఆ రకం దీపమే. ఫిల్మును ద్రవంలో తడుపుతూ స్కాన్ చేసే వెట్ గేట్ యంత్రాలలో ఆ ద్రవం గాడిని నింపేస్తుంది గనుక ఇంకా బాగా పోతాయి. ఆ యంత్రం మా దగ్గర లేదు. మీ రీలుకు అది నిజంగా అవసరమని తోస్తే, పని మొదలు పెట్టకముందే చెబుతాము. మెరుపు లేకుండా కనిపించే ఎమల్షన్ పక్కన గీత పడితే మాత్రం బొమ్మే చెక్కుకుపోయినట్టు. రంగు రివర్సల్ ఫిల్ములో అన్నిటికంటే పైన ఉండేది పసుపు పొర, అందుకే పైపైన గీసుకున్న గీత నీలంగా కనిపిస్తుంది. లోతు పెరిగి పొరలన్నీ లేచిపోతే తెల్లబడుతుంది. దాన్ని ఏ ద్రవమూ నింపలేదు.

వెలుగు అదురు, అంటే ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు హెచ్చి తగ్గడం, విషయంలో ముందుగా తేల్చుకోవలసింది అది ఎక్కడ పుట్టిందన్నది. గోడ మీద వేసిన సినిమాను వీడియో కెమెరాతో తీసి ఇచ్చిన పాత డీవీడీలలో అదురు ప్రొజెక్టర్‌లో వెలుగును మూసి తెరిచే రెక్కల నుంచి పుట్టింది. రీలును ఫ్రేము ఫ్రేముగా మళ్లీ స్కాన్ చేస్తే అది అసలు ఉండనే ఉండదు, కాబట్టి ఆ డీవీడీని బాగు చేయడానికి డబ్బు పెట్టవద్దు. స్కాన్‌లో కూడా అదురు ఉంటే అది కెమెరా నాటిదో, ఫిల్ము వెలిసిపోవడం వల్ల వచ్చినదో అయి ఉంటుంది. ట్యూబ్‌లైట్ల కింద తీసిన దృశ్యం దీనికి మంచి ఉదాహరణ. మన కరెంటుకు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. కెమెరా 16 ఫ్రేములు తీస్తుంది. రెండూ పొసగక, వెలుగు హెచ్చుతగ్గులు ఇంచుమించు ప్రతి నాలుగు ఫ్రేములకూ ఒకసారి తిరిగి వస్తాయి.

దీన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేము సగటు వెలుగును కొలిచి, పక్కనున్న కొన్ని ఫ్రేముల సగటుకు దగ్గరగా తెస్తుంది. మా పెళ్లి రీలులో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వెలిగిన ఫ్రేమును అది లోపమనుకుని నల్లబరిచింది. తెల్లచొక్కా పెద్దమనిషి ఒకరు కెమెరాకు అడ్డంగా నడిచి వెళ్లినప్పుడు, సగటు పెరిగిందని మొత్తం పందిరినే చీకటి చేసి, ఆయన దాటగానే మళ్లీ వెలిగించింది. వెనుకనున్న కదలని గోడను మాత్రమే కొలతకు తీసుకోమని చెప్పిన తర్వాత ఆ ఇబ్బంది తీరింది. ఎండకు పూర్తిగా తెల్లబడిపోయిన చోట మాత్రం ఫిల్ములోనే బొమ్మ లేదు, తెచ్చేదీ ఏమీ ఉండదు.

వరుస కూడా ముఖ్యమే. అదురును ముందు సరిచేసి, చుక్కలను తర్వాత తీస్తాము, ఎందుకంటే ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు మారుతుంటే పోలిక దెబ్బతిని, దుమ్ము కానిదంతా దుమ్ముగా తోస్తుంది. ఇదంతా సెకనుకు 16 ఫ్రేములుగా ఉన్న అసలు ఫైలు మీదనే జరగాలి. మరోచోట స్కాన్ చేయించి, సెకనుకు 25 ఫ్రేములుగా మార్చిన ఫైళ్లను కొందరు పంపుతున్నారు. ఆ మార్పులో చాలా ఫ్రేములు రెండేసిసార్లు వస్తాయి, వాటితో దుమ్ము కూడా రెండేసిసార్లు వస్తుంది. పక్క ఫ్రేములోనూ ఉంది కదా అని సాఫ్ట్‌వేర్ దాన్ని బొమ్మలో భాగంగా వదిలేస్తుంది. అలాంటి ఫైళ్లను ఇకపై తీసుకోము. ఫ్రేములు కలపకముందటి ఫైలు కోసం వారినే అడగండి, లేదా రీలు పంపండి.

మా పని సరిగా ఉందో లేదో మీరే చూసుకోవడానికి, కోరినవారికి మూడో ఫైలు కూడా ఉచితంగా ఇస్తాము. చుక్కలూ గీతలూ తీయకముందటి బొమ్మలోంచి తీసిన తర్వాతి బొమ్మను మినహాయిస్తే మిగిలేది అది. అందులో చుక్కలు, గీతలు మాత్రమే కనిపించాలి. ముఖాల రూపురేఖలు, చేతివేళ్లు, ఇసుక చల్లినట్టుండే ఫిల్ము గరుకుదనం అందులో కనిపిస్తే మేము తీయకూడనిది తీసినట్టు. ఆ దృశ్యం సమయం రాసి పంపండి, మళ్లీ చేసి ఇస్తాము.

రీళ్లు పంపేవారు ఇంట్లో నీటితో తుడవవద్దు. బూజు పట్టిన ఎమల్షన్ నీరు తగిలితే కరిగి ఊడివస్తుంది. వదులుగా చుట్టుకున్న రీలును కొస పట్టుకుని బిగించవద్దు, చుట్లు ఒకదానితో ఒకటి రాసుకుని కొత్త గీతలు పడతాయి. ఎలా ఉన్నది అలాగే డబ్బాలో పెట్టి, తలంబ్రాలు, బాణసంచా, వాన వంటి దృశ్యాలు ఉన్నట్టు మీకు గుర్తుంటే ఒక చీటీ మీద రాసి దానితో జత చేయండి.