కేబుల్ పెట్టినా వైర్‌లెస్సే: మీ కంట్రోలర్ల మీద ఫిర్యాదు

పాలకొల్లు
పశ్చిమ గోదావరి జిల్లా

కంపెనీ కస్టమర్ కేర్ వారికి,

నమస్కారమండీ. పాలకొల్లులో మా కాలవ గట్టు దగ్గర నాకు చిన్న గేమింగ్ షాపు ఉంది, రెండు కంప్యూటర్లు, నాలుగు సీట్లు. డిసెంబర్ 18న మీ వైర్‌లెస్ కంట్రోలర్లు నాలుగు కొన్నాను, ఒక్కోటి 2,499 రూపాయలు, బిల్లు జత చేస్తున్నాను. నా అసలు ఫిర్యాదు ఒక్కటే. మీ డబ్బా మీద "వైర్డ్, వైర్‌లెస్ రెండు విధాలా ఆడొచ్చు" అని రాశారు, కానీ కేబుల్ పెడితే మీ కంట్రోలర్ ఛార్జింగ్ మాత్రమే అవుతోంది, బటన్ల సిగ్నల్ మాత్రం అప్పుడు కూడా గాల్లోనే కంప్యూటర్‌కి పెట్టిన డాంగిల్‌కి వెళ్తోంది. ఈ ముక్క నాకు తెలియడానికి నెల పట్టింది, మధ్యలో సంక్రాంతి పోయింది.

సంక్రాంతి సంగతి ముందు చెప్తాను. పండక్కి ఊళ్ళోకి కుర్రాళ్ళంతా హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వస్తారు, నరసాపురం, ఆచంట వైపు నుంచి కూడా వస్తారు, కనుమ రోజు మా షాపులో ఫుట్‌బాల్ గేమ్ పోటీ పెట్టాను. ఎవరూ వైర్‌లెస్‌తో గొడవ పడకూడదని ముందు రోజే నాలుగింటికీ కేబుళ్ళు పెట్టి ఉంచాను, ఇంక ఇవి వైర్డే కదా అని నిశ్చింతగా ఉన్నాను. ఫైనల్లో ఆట సమానంగా నడుస్తుంటే ఆచంట కుర్రాడి ప్లేయర్ గోలు ముందు బంతితో ఉండగా ఒక్కసారిగా బంతిని వదిలేసి నేరుగా పరిగెత్తుకుంటూ పోయాడు. కుర్రాడి బొటనవేలు బటన్ మీదే ఉంది, నేను పక్కనే నిలబడి చూశాను. రెండు సెకన్ల తర్వాత "కంట్రోలర్ డిస్‌కనెక్ట్ అయింది" అని తెర మీద వచ్చింది. కేబుల్ పెట్టి ఉండగా! ఆ కుర్రాడు ఓడిపోయాడు, నన్ను ఒక్క మాట అనలేదు గాని మళ్ళీ మా షాపుకి రాలేదు.

తర్వాత ఒక రోజు షాపు మూసుకుని బస్సెక్కి రాజమండ్రిలో మీ సర్వీసు సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ వాళ్ళు ఐదు నిమిషాలు నొక్కి చూసి "బాగానే ఉందండీ, మీ కేబుల్ మార్చండి" అన్నారు. మార్చాను. ఫోన్‌లోంచి ఫోటోలు కంప్యూటర్‌కి ఎక్కించే కేబుల్, అంటే డేటా తీగలు ఉన్నదని నాకు ఖచ్చితంగా తెలిసినది, దాన్ని పెట్టి చూశాను. కొన్ని కేబుళ్ళలో కరెంటు తీగలే ఉంటాయి, వాటితో డేటా పోదని నాకూ తెలుసు, అందుకే ముందు ఆ అనుమానం తీర్చుకున్నాను. ఫలితం మారలేదు.

పరీక్ష ఎలా చేశానో చెప్తాను, మీ దగ్గరున్న పీస్‌తో మీరే చేసుకోవచ్చు. విండోస్‌లో Win+R నొక్కి ఇది టైప్ చేస్తే గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది:

```
joy.cpl
```

డాంగిల్, కేబుల్ రెండూ పెట్టి ఉన్నప్పుడు జాబితాలో ఒక కంట్రోలర్ కనిపిస్తుంది. ఇప్పుడు కేబుల్ అలాగే ఉంచి డాంగిల్ మాత్రం పీకేయండి. మా పాత వైర్డ్ కంట్రోలర్‌కి డాంగిలే లేదు, కేబుల్ పెడితే అది జాబితాలో ఉంటుంది, దాని Properties తెరిచి బటన్ నొక్కితే అక్కడ చుక్క వెలుగుతుంది. మీది డాంగిల్ పీకగానే జాబితా ఖాళీ అయిపోతుంది. ఛార్జింగ్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. నాలుగు కంట్రోలర్లూ ఇంతే, నాలుగింటినీ వీడియో తీశాను.

దీనివల్ల వచ్చే నష్టం ఏమిటో కొలిచి మరీ చెప్తున్నాను, ఊరికే ఆలస్యంగా ఉందని అంటే మీవాళ్ళు "అది మీ టీవీ సమస్య" అంటారు కాబట్టి. ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 4.2 మిల్లీ సెకన్లు. నా బొటనవేలూ తెరా రెండూ ఒకే చట్రంలో పడేలా ఫోన్ నిలబెట్టి, బటన్ కిందికి దిగిన ఫ్రేము నుంచి తెర మీద ప్లేయర్ కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను, ఒక్కో కంట్రోలర్‌కి 30 సార్లు. ఒకటి రెండు సార్లు లెక్కపెడితే చాలదు, ఎందుకంటే తెర సెకనుకు 60 సార్లే మారుతుంది, మనం నొక్కిన క్షణం తెర మారడానికి ముందు పడిందా వెనక పడిందా అన్న దాన్ని బట్టే 16 మిల్లీ సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఒకే కంప్యూటరు, ఒకే మానిటరు, ఒకే ఆట.

పాత వైర్డ్ కంట్రోలర్‌కి సగటున 14 ఫ్రేములు, అంటే 58 మిల్లీ సెకన్లు. ఇందులో ఎక్కువ భాగం ఆటదీ తెరదీ, కంట్రోలర్‌ది కొంచెమే. మీ వైర్‌లెస్‌కి 30లో 26 సార్లు 16, 17 ఫ్రేములు వచ్చాయి, అంటే 70 మిల్లీ సెకన్లకి దగ్గర. నిజం చెప్పాలి, ఈ పది పన్నెండు మిల్లీ సెకన్ల తేడాకి నేను ఫిర్యాదు రాయను, మా షాపుకొచ్చే కుర్రాళ్ళలో ఒకరిద్దరు తప్ప ఎవరూ దాన్ని పట్టుకోలేరు. నా బాధ మిగిలిన నాలుగు నొక్కుళ్ళ గురించి. అవి 28, 31, 31, 36 ఫ్రేములు పట్టాయి. 31 ఫ్రేములంటే 129 మిల్లీ సెకన్లు, వైర్డ్ కంటే 70 ఎక్కువ, సెకనుకు 60 సార్లు మారే తెర మీద నాలుగు ఫ్రేములు పోయినట్టు. ఎప్పుడూ ఒకేలా ఆలస్యమైతే చెయ్యి దానికి అలవాటు పడుతుంది. ఏడెనిమిది సార్లకి ఒకసారి చెప్పకుండా ఆలస్యమైతే దానికి ఎవరూ అలవాటు పడలేరు.

ఇది ఎందుకో కూడా నాకు తెలుసు. మీ డాంగిల్ 2.4 గిగాహెర్ట్‌జ్‌లో పనిచేస్తుంది, వైఫై రూటర్లు, బ్లూటూత్ స్పీకర్లు కూడా అక్కడే పనిచేస్తాయి. మా వీధిలో సాయంత్రం ఏడు దాటితే ఫోన్‌లో పదమూడు వైఫైలు కనిపిస్తాయి. సిగ్నల్ ఒకసారి చేరకపోతే కంట్రోలర్ మళ్ళీ పంపాలి, అదీ చేరకపోతే మళ్ళీ, ఆ మళ్ళీ మళ్ళీలే ఆ 31 ఫ్రేములు. పొద్దున్న పది గంటలకి ఇదే పరీక్ష చేస్తే 20 ఫ్రేములు దాటినది ఒక్కటీ లేదు. కేబుల్ పెట్టి సాయంత్రం చేస్తే? 30లో మూడు మళ్ళీ 28 దాటాయి. కేబుల్ ఉన్నా లేనట్టే అని దీంతో కూడా తేలింది.

కనెక్షన్ పోవడం గురించి మాత్రం తప్పంతా మీదే అనను. ఇందులో రెండు రకాలున్నాయి, లైటు చూసి చెప్పొచ్చు. మొదటి రకంలో లైటు టపటపా కొట్టుకుని రెండు మూడు సెకన్లలో దానంతటదే కలుస్తుంది, అది రేడియో తెగిపోవడం. నా కంప్యూటరు ముందువైపు నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ ఉంటుంది, దాని పక్క పోర్టులోనే మీ డాంగిల్ పెట్టాను. యూఎస్‌బీ 3 పరికరాలు 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే సాంకేతిక పత్రం రాసింది. మీటరున్నర ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని డాంగిల్‌ని ఎత్తి తెర ముందు పెట్టాను. అంతకుముందు సాయంత్రం గంటలో తొమ్మిది సార్లు పోయేది, తర్వాత గంటకి ఒకటి. నూటయాభై రూపాయల కేబుల్. మీ మాన్యువల్లో ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఫైనల్లో ఆ కుర్రాడి ఆట ఆగేది కాదేమో, మీ సర్వీసు సెంటర్లో కూడా డాంగిల్ ఎక్కడ పెట్టారని ఎవరూ అడగలేదు.

రెండో రకం వేరు. లైటు పూర్తిగా ఆరిపోతుంది, హోమ్ బటన్ నొక్కితే గాని రాదు. ఇది బ్యాటరీలో ఇంకా రెండు గీతలు చూపిస్తుండగానే, గట్టిగా వైబ్రేషన్ వచ్చిన క్షణంలోనే జరుగుతుంది, నాలుగింటిలో రెండు కంట్రోలర్లలో. రెండు మోటార్లు ఒకేసారి తిరిగితే బ్యాటరీ వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయి లోపలి చిప్పు ఆరిపోతోందని నా అంచనా, ఎందుకంటే వైబ్రేషన్ ఆపేస్తే ఆ రెండూ ఒక్కసారి కూడా ఆరలేదు, ఛార్జింగ్ కేబుల్ పెట్టి ఉన్నప్పుడు కూడా ఆరలేదు. ఇది పూర్తిగా మీ తయారీ లోపం.

బ్యాటరీ 20 గంటలు వస్తుందని రాశారు. లోపల 600 ఎంఏహెచ్ అని ఉంది, ఛార్జింగ్ అయ్యేటప్పుడు యూఎస్‌బీ మీటరు పెట్టి చూస్తే దాదాపు అంతే ఎక్కింది, కాబట్టి బ్యాటరీలో మోసం లేదు. కానీ 600ని 20తో భాగిస్తే సగటున 30 మిల్లీ ఆంపియర్లే వాడాలి. వైబ్రేషన్ ఆపి, లైట్లు తగ్గించి ఆడితే నాకు 18 గంటలు వచ్చింది. మామూలుగా, అంటే డబ్బాలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలా ఆడితే ఏడున్నర గంటలు, అంటే 80 మిల్లీ ఆంపియర్లు. షాపు పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా. రోజులో ఒకసారి ప్రతిదానికీ కేబుల్ పెట్టాల్సిందే, పెట్టాక అది వైర్డ్‌లా పనిచేస్తే నాకు అసలు ఈ గంటల లెక్కే అక్కర్లేదు కదండీ.

నాకు కావలసింది ఇది. కేబుల్ పెట్టినప్పుడు డేటా కూడా అందులోంచే వెళ్ళేలా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇవ్వగలిగితే తేదీతో సహా రాసి చెప్పండి. హార్డ్‌వేర్‌లోనే ఆ ఏర్పాటు లేకపోతే నాలుగూ వెనక్కి తీసుకుని 9,996 రూపాయలు ఇచ్చేయండి. అప్‌డేట్ ఇచ్చినా సరే, వైబ్రేషన్‌కి ఆరిపోయే ఆ రెండింటినీ మాత్రం మార్చి ఇవ్వాలి, వాటి సీరియల్ నంబర్ల ఫోటోలు పంపిస్తున్నాను. ఇంకోసారి రాజమండ్రి రాలేను, పికప్ మీరే పెట్టండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను, అక్కడా తేలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు ఉన్న చోటే కేసు వేసుకోవచ్చు, కాబట్టి మీరే ఇక్కడికి రావాల్సి వస్తుంది. డబ్బా ఫోటో, బిల్లు, joy.cpl వీడియోలు నాలుగు, స్లో మోషన్ వీడియోలు, నేను రాసుకున్న లెక్కల కాగితం అన్నీ జత చేశాను.

ఇట్లు,
నాలుగు కంట్రోలర్లు కొన్న మీ కస్టమర్