వెదురు గుంజలు ఇకపై నేలలో పాతం: మా కస్టమర్లకు ఒక మాట

"మందు పెట్టిన వెదురే కదా, గుంత తీసి గుంజలు పాతేస్తే పోలా? కింద కాంక్రీటు దిమ్మలకు మళ్లీ ఖర్చెందుకు?"

ఇది మీ నుంచి వచ్చే మొదటి ఫిర్యాదు. కారణం ఆ మందులోనే ఉంది. మేం వాడేది బొరాక్స్, అంటే వెలిగారం, దానితోపాటు బోరిక్ యాసిడ్. 100 లీటర్ల నీళ్లకు 3 కిలోల బొరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలుపుతాం. పుచ్చు పురుగుకూ చెదలకూ బూజుకూ కూడా ఇది పనిచేస్తుంది. ఒకే ఒక్క లోటు: నీళ్లలో కరిగి బొంగులోకి వెళ్లిన మందు, మళ్లీ నీళ్లు తగిలితే అలాగే కరిగి బయటికి వచ్చేస్తుంది. తడి మట్టిలో పాతిన గుంజ అడుగు నుంచి మందు మెల్లగా నేలలోకి దిగిపోతుంది. తడి అలాగే ఉంటుంది, చెదలకు దారి తెరుచుకుంటుంది. మందు పెట్టని వెదురు నేలలో మామూలుగా ఏడాది నుంచి మూడేళ్లు నిలుస్తుంది. ఈ మందు పెట్టి పాతితే మహా అయితే ఇంకొంత కాలం. అదే బొంగును నేలకు తగలనీయకుండా, వాన పడనీయకుండా నిలబెడితే పదేళ్లు దాటుతుంది. అందుకే ఎవరు పట్టుబట్టినా ఇకపై గుంజలు పాతే పని ఒప్పుకోం.

మందు పెట్టడానికి అన్ని రోజులు ఎందుకన్నది రెండో ఫిర్యాదు. బ్రష్షుతో పైన పూసి ఇచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లు మాకంటే ముందే ఇస్తారు. కానీ వెదురు పైతోలు నున్నగా, గట్టిగా ఉండి నీటి చుక్కను కూడా లోపలికి రానివ్వదు. రసం నడిచే సన్నని గొట్టాలన్నీ నిలువునే ఉంటాయి, పక్కలకు దారి లేదు. కాబట్టి మందు వెళ్లాల్సింది కోసిన చివరల నుంచి, లోపలి బోలు గోడ నుంచి. బొంగు పొడవునా పొడవాటి ఇనుప చువ్వ దించి ప్రతి కణుపు దగ్గరా అడ్డుగా ఉన్న పొరను పొడుస్తాం. తర్వాత తొట్టిలో పూర్తిగా ముంచి, తేలకుండా పైన బరువు పెట్టి, వారం నుంచి పది రోజులు ఉంచుతాం. తీశాక నీడలో నిలువుగా ఆనించి ఆరబెడతాం. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది గానీ పొడవునా చీలుతుంది. మిగిలిన ద్రావణాన్ని మళ్లీ బలం సరిచూసి వాడుకుంటాం తప్ప పారబోయం. ఈ మందులో ఉండే బోరాన్ ఎక్కువైతే మొక్కలు మాడిపోతాయి.

మందు నిజంగా ఎక్కిందా అన్నది కంటికి కనిపించదు. మా దగ్గరే కాదు, ఎవరి దగ్గర కొన్నా ఈ పరీక్ష అడగండి. తొట్టిలో నుంచి తీసి ఆరిన బొంగును చివర్లో కాదు, నడుమ కోయించండి. కోసిన ముఖం మీద ఆల్కహాల్‌లో తీసిన పసుపు రసం పూయాలి. అది ఆరాక సాలిసిలిక్ యాసిడ్ కలిపిన పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చల్లాలి. బోరాన్ ఉన్నచోట పసుపు ఎరుపుగా మారుతుంది, లేనిచోట పసుపుగానే ఉండిపోతుంది. గోడ మందం మధ్యలో పసుపు పట్టీ మిగిలితే ఆ బొంగు మళ్లీ తొట్టికి వెళ్లాల్సిందే. ఆ యాసిడ్‌తో పని కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని మేమే చేసి చూపిస్తాం. ఇంట్లో ప్రయత్నించకండి.

ఇక దిమ్మ సంగతి. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు ఉన్న చిన్న షెడ్డు తీసుకుందాం, ఆరు గుంజలు. ఒక్కో గుంజ కింద నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తుకు కాంక్రీటు దిమ్మ పోస్తాం. దిమ్మలో నుంచి ఒక ఇనుప చువ్వ పైకి వచ్చి, గుంజ అడుగు రెండు కణుపుల బోలులోకి దూరుతుంది. పక్కన చిన్న రంధ్రం చేసి ఆ రెండు బోలుల్లోనూ ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపిన మాలు నింపుతాం. మాలు గట్టిపడ్డాక అడ్డంగా ఒక బోల్టు వేస్తాం. చువ్వా మాలూ గుంజను దిమ్మకు కట్టేస్తాయి కాబట్టి గాలి కప్పును పైకి లాగినా గుంజ ఊడిరాదు. పచ్చి బొంగులో మాలు నింపకూడదు. తర్వాత బొంగు ఆరి కుంచించుకుపోతుంటే లోపలి మాలు కుంచించుకోదు, దాంతో గోడ చీలుతుంది. మేం ఆరిన బొంగు కోసం పట్టుబట్టడానికి ఇది ఇంకో కారణం. పైగా మాలు పోశాక కొలతల కోసం మళ్లీ విప్పి మార్చడం ఉండదు. గుంజల కొలతలు ముందే ఖాయం చేసుకోమని ఒత్తిడి చేస్తున్నది అందుకే.

40 సెంటీమీటర్ల లెక్క చూరు నుంచి వచ్చింది. చూరు అంచు నేల నుంచి 210 సెంటీమీటర్ల ఎత్తున, గుంజకు ఒక మీటరు బయటికి ఉందనుకోండి. గాలితో వాన నిట్టనిలువు గీత నుంచి 30 డిగ్రీలు వాలి కొడితే, చూరు అంచు దాటిన చినుకు గుంజను తాకేది సుమారు 37 సెంటీమీటర్ల ఎత్తున. అక్కడ ఉన్నది దిమ్మే, వెదురు కాదు. చూరు 60 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఆ చినుకు 106 సెంటీమీటర్ల దగ్గర తగులుతుంది, అంటే దిమ్మ పైన ఇంచుమించు 65 సెంటీమీటర్ల వెదురు ప్రతి వానకూ తడుస్తుంది. చూరు కురచగా ఉంటే షెడ్డు అందంగా ఉంటుందనేవాళ్లతో నాకు గొడవ లేదు, నిజంగానే ఉంటుంది. కానీ ఆ అందానికి మేం హామీ ఇవ్వలేం. వాన ఇంకా ఎక్కువ వాలే చోట మీటరు చూరు కూడా చాలదు, ఆ పక్కకు తడిక కట్టాలి.

పైన అతుకుల దగ్గర మేకులు అస్సలు వాడం. వెదురు నారలన్నీ ఒకే దిక్కున ఉంటాయి కాబట్టి మేకు కొట్టిన చోటే చీలిక మొదలవుతుంది. ముందుగా డ్రిల్లుతో రంధ్రం చేసి, వాషర్లతో బోల్టు వేస్తాం. రంధ్రానికీ కోసిన చివరకూ మధ్య ఒక కణుపు మిగలాలి, అదే చీలిక చివరిదాకా పరుగెత్తకుండా ఆపేది. ఒకే బొంగు మీద రెండు బోల్టులు వస్తే ఒకే నార వరుసలో రాకుండా పక్కకు జరుపుతాం. దూలం కూర్చునే గుంజ తలను దూలం గుండ్రానికి సరిపోయేలా గుంటగా కోస్తాం, కణుపుకు కాస్త పైనే. అలా కోస్తే బరువు పలచటి గోడ అంచు మీద పడి నలగదు, కింద నీళ్లు నిలిచే గిన్నె కూడా మిగలదు. తాడు కట్లు చూడ్డానికి బాగుంటాయి, అడిగితే కడతాం. అయితే బొంగు కుంచించుకుంటే వదులవుతాయి, అందుకని బరువు మోసే పని వాటికి అప్పగించం.

మీ వంతు పని కొంచెమే. గుంజల దగ్గర మెత్తటి పసుపుతెలుపు పొడి రాలి ఉంటే, పైన సన్నటి చిల్లులు కనిపిస్తే అది పుచ్చు పురుగు. తుడిచి, మర్నాడు చూడండి. మళ్లీ రాలితే ఫోన్ చేయండి, ఆ బొంగు మారుస్తాం. చెదలైతే దిమ్మ మీద మట్టి గొట్టంలా ఎక్కి వస్తాయి, గుంజను చేరకముందే కనిపిస్తాయి. దిమ్మ చుట్టూ మట్టి, ఆకులు పోగుపడనిస్తే ఆ కనిపించడం పోతుంది. బొంగుల మీద రక్షణగా వేసిన పైపూత ఎండకు వెలిసిపోయిన చోట మళ్లీ వేయాలి. ఆ పూత వేసినవాళ్లకే పురుగు, కుళ్లు విషయంలో మా హామీ వర్తిస్తుంది. వాన నేరుగా పడే బొంగుకు, మేం వద్దన్నా కురచ చేసిన చూరు కింది గుంజకు వర్తించదు. కొత్త ఆర్డర్లకు నానడం, ఆరడం కలుపుకుని గడువు చెబుతున్నాం. అంతకంటే ముందు కావాలంటే ఆర్డరు తీసుకోం.