పగిలిన ప్రతి గోడకూ బ్లాకే కారణమా?

సంపాదకుడు గారికి,

ఏఏసీ బ్లాకులు, అంటే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలతో కట్టిన కొత్త భవనం గోడలు ఏడాది తిరక్కుండానే పగుళ్లిచ్చాయని మీ పత్రికలో వార్త వచ్చి వారం దాటింది. ఎవరైనా జవాబు రాస్తారేమోనని చూశాను, రాయలేదు. "ఏఏసీ బ్లాకుల వల్లే ఇదంతా, ఎర్ర ఇటుకే మేలు" అని అందులో ఒక అధికారి అన్న మాటను మీరు యథాతథంగా వేసేశారు. పాతికేళ్లుగా కట్టుబడి పనులు చూస్తున్నవాణ్ని, అది చదివి ఊరుకోలేకపోతున్నాను.

ఎర్ర ఇటుకను కట్టే ముందు బాగా తడపాలి, లేకపోతే మాలులోని నీళ్లన్నీ అదే పీల్చేస్తుంది. ఆ అలవాటుతోనే మేస్త్రీలు బ్లాకులను కూడా తొట్టిలో వేసి నానబెడతారు. అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. బ్లాకు లోపలంతా సన్నటి గాలి బుడగలు. అది నీళ్లను నెమ్మదిగా లోపలిదాకా తాగుతుంది, ఆరడానికి నెలలు తీసుకుంటుంది, ఆరేకొద్దీ కుదించుకుపోతుంది. కాల్చిన ఇటుక ఇలా కుదించుకుపోదు, పైగా ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమకు పిసరంత ఉబ్బుతుంది. బ్లాకు నూటికి 0.05 వంతు కుదించుకుందనుకున్నా, 4 మీటర్ల గోడలో అది 2 మిల్లీమీటర్లు. రెండు పక్కలా కాంక్రీటు కాలమ్‌లు కదలకుండా నిలబడి ఉంటే ఆ 2 మిల్లీమీటర్లూ ఎక్కడో ఒకచోట పగులుగా తేలాల్సిందే.

మా తమ్ముడి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. హాలు గోడకు రాత్రంతా నానిన బ్లాకులు, వాటి మధ్య సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్ల మాలు వేలెడు మందాన. గోడ లేచిన వారానికే ప్లాస్టరింగ్. రంగులేసిన రెండో నెలలో కాలమ్ పక్కన నేల నుంచి బీమ్ దాకా గీత గీసినట్టు నిలువు పగులు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఇంకొకటి. కాలమ్ దగ్గర ప్లాస్టర్ చెక్కి చూస్తే గోడనీ కాలమ్‌నీ కలిపి పట్టి ఉంచే జాలీ, అదే మెష్, ముక్క కూడా లేదు. కిటికీ కింద అడ్డంగా పోయాల్సిన కాంక్రీటు బ్యాండ్ లేదు. పై వరస బ్లాకులను బీమ్‌కు ఆనించి బిగించేశారు. బీమ్ కాస్త వంగినా ఆ బరువు గోడ మీదే పడుతుంది కదా.

బ్లాకుకు దుమ్ము దులిపి, తడి బ్రష్‌తో పైపైన ఒకసారి తుడిస్తే చాలు. సంచుల్లో వచ్చే బ్లాకు జిగురు 3 మిల్లీమీటర్లు పూస్తే సరిపోతుంది, అందులో నీటిని పట్టి ఉంచే గుణం ఉంటుంది. మామూలు మాలే వాడాలంటే ఒకటికి ఆరు పాళ్లు కలపాలి. మాలు బలంగా ఉంటే మంచిదనుకుంటారు గానీ, బ్లాకు కంటే మాలు గట్టిదైతే చీలేది బ్లాకే. మాలు మెత్తనిదైతే ఆ కదలిక జాయింట్లలో సన్నగా సర్దుకుంటుంది.

ఇటుకకే వెళ్లిపోదామంటే అదీ తేలిక కాదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న గోడ ఇటుకతో కడితే నాలుగున్నర టన్నుల దాకా తూగుతుంది, ఆరిన బ్లాకుతో అయితే టన్నున్నర. నాలుగంతస్తుల్లో అన్ని గోడలకూ ఆ తేడా లెక్కేస్తే పునాది, కాలమ్‌లు, స్టీలు అన్నీ మారతాయి. బ్లాకులకు లెక్కగట్టిన ఫ్రేమ్‌లో మధ్యలో ఇటుక పెట్టమనడం ప్రమాదం. వేడి సంగతికొస్తే, బ్లాకు గుండా వచ్చే వేడి ఇటుకలో వచ్చేదాంట్లో దాదాపు నాలుగో వంతే. అది ఆరిన బ్లాకు మాట. తడిసి ఉన్న గోడకు ఆ గుణం బాగా తగ్గిపోతుంది, మందమైన మాలు జాయింట్ల గుండా కూడా వేడి లోపలికి వస్తుంది. అంటే పగుళ్లు తెచ్చిన పనితనమే చల్లదనాన్నీ తినేస్తోంది.

పని జరుగుతున్నప్పుడు గోడ దగ్గర నిలబడి చూసేవాళ్లు కరువైపోయారండీ. ఇంజినీర్లు వచ్చేది బిల్లుకు కొలతలు తీసుకోవడానికే. ఏ బ్లాకు కొనాలో కాగితాల్లో రాస్తారు, ఎలా కట్టాలో మేస్త్రీకి ఒక్కరూ చెప్పరు, చివరికి నింద మాత్రం వస్తువు మీద వేసి చేతులు దులుపుకుంటారు.

మీ విలేకరి మళ్లీ ఆ భవనానికి వెళ్తే పగుళ్ల తీరు చూడమనండి. సాలెగూడులా అల్లుకుని ఉంటే అది ప్లాస్టర్‌లో సిమెంటు ఎక్కువైన పగులు, గోడది కాదు. కాలమ్ పక్కన నిలువుగా ఉంటే అక్కడ జానెడు ప్లాస్టర్ చెక్కించి, లోపల మెష్ ఉందో లేదో, మాలు ఎంత మందం ఉందో ఫొటో తీసి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు