అమ్మ చర్మం మానింది, రేడియేషన్ విభాగం సిస్టర్ గారికి కృతజ్ఞతలు

దాదాపు నెలన్నర తర్వాత నిన్న అమ్మ జాకెట్టు వేసుకుని గుడికి వెళ్లొచ్చింది. అందుకే ఈరోజు ఇది రాస్తున్నాను.

అమ్మకి రొమ్ము క్యాన్సర్. గడ్డ వరకే ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ పెట్టారు. మా ఊళ్లో కరెంటు పెట్టించడం అంటారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ, మూడు వారాల్లో 15 సార్లు. రెండో వారం చివర్లో దురద మొదలైంది. చర్మం ఎర్రబడుతుందని ముందే చెప్పారు కాబట్టి నేను ఎరుపు కోసమే చూశాను. అమ్మది చామనఛాయ. తన ఒంటి మీద అది ఎరుపుగా కాదు, మసి పూసినట్టు నల్లగా కనిపించింది. చేత్తో తాకితే పక్క చర్మం కన్నా వేడిగా ఉంది. మనలాంటి రంగువాళ్లకు చాలామందికి ఇలాగే కనబడుతుందని సిస్టర్ గారు చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఒకరోజు నేను లేనప్పుడు, చల్లగా ఉంటుందని ఎవరో చెబితే అమ్మ కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుంది. మర్నాడు గౌను తీయగానే టెక్నీషియన్ గారు చూశారు. ఒక్క మాట కూడా కసరలేదు. సిస్టర్ గారిని పిలిచారు. పసుపు రంగు కింద చర్మం ఎలా ఉందో కనబడదని, దాన్ని వదిలించడానికి రుద్దితే ఉన్న చర్మం కూడా లేచిపోతుందని, మార్కింగ్ గీతలు చెరిగితే గురి చూసుకోవడం కష్టమని ఆవిడ నిదానంగా చెప్పారు. చర్మం అడుగు పొరలో పుట్టే కొత్త కణాలు రేడియేషన్‌కి దెబ్బతింటాయట. పైపొర ఎప్పటిలాగే రాలుతుంది, దాని చోటులోకి రావాల్సింది మాత్రం ఆలస్యమవుతుంది. అందుకే పొట్టు లేస్తుంది. అది అమ్మ తప్పు కాదని ఆవిడ చెప్పినప్పుడు అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆవిడ చూపించిన పద్ధతి ఇదీ. గోరువెచ్చని నీళ్లు చెంబుతో మెల్లగా పోసుకోవాలి, వాసన లేని మెత్తని సబ్బు చేతికి రాసుకుని తాకించాలి, పీచు వాడకూడదు. "అమ్మా, రుద్దొద్దు, అద్దండి" అంటూ తన చేతి మీద తువ్వాలు అద్ది చూపించారు. వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకి రెండుసార్లు పలచగా రాయాలి. సెషన్‌కి వెళ్లేముందు మందంగా పూయకూడదు, ఎందుకంటే మందపాటి పొర ఉంటే చర్మం పైభాగానికి డోసు పెరుగుతుంది. ఐసు, వేడి కాపడం, పౌడరు, ప్లాస్టర్ అన్నీ వద్దన్నారు. బిగుతు జాకెట్టు బదులు ముందు తెరుచుకునే వదులు నూలు నైటీ, రొమ్ము కింద మడతలో నాన్న పాత పంచె ముక్క. చెమట పట్టగానే ఆ ముక్క మార్చేవాళ్లం.

పదిహేనూ అయిపోయాయని పండగ చేసుకున్నాం. అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఆఖరి సెషన్ అయిన ఎనిమిదో రోజు పొద్దున మడతలోని గుడ్డ అంటుకుపోయింది. నీళ్లతో తడిపి తీస్తే కింద రెండు వేళ్ల వెడల్పున చర్మం లేచి, పచ్చిగా, తడిగా మెరుస్తోంది. రేడియేషన్ ఆగిపోయింది కదా, ఇప్పుడెందుకు పెరిగిందని నా చేతులు వణికాయి. ఫోన్ చేస్తే సిస్టర్ గారే ఎత్తారు. చివరి సెషన్ తర్వాత ఒకటి రెండు వారాల్లోనే ఇది ఎక్కువగా ఉంటుందని, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుందని చెప్పి, ఆరోజే తీసుకురమ్మన్నారు. వాసన ఉందా, చీము ఉందా, జ్వరం 100.4 దాటిందా అని అడిగారు. ఇవేవీ లేవు. ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చట, రాత్రయినా ఆగకుండా రావాలట.

డాక్టర్ గారు చూశాక సెలైన్‌తో కడిగి, అంటుకోని మెత్తటి సిలికాన్ డ్రెస్సింగ్ వేశారు. ప్లాస్టర్‌తో అతికించకుండా వదులు నూలు బనియనుతోనే నిలబెట్టారు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమో, యాంటీబయాటిక్ క్రీమో తెచ్చి రాయొద్దని, ఏది అవసరమో పుండు చూశాకే రాస్తామని గట్టిగా చెప్పారు. డ్రెస్సింగ్ మార్చిన ప్రతిసారీ నేను ఫోటో తీసి పెట్టుకున్నాను. అంచుల నుంచి గులాబీ రంగు చర్మం లోపలికి పాకడం ఆ ఫోటోల్లోనే కనబడింది. మూడు వారాలకి మూసుకుపోయింది. నలుపు ఇంకా ఉంది, నెలలు పడుతుందన్నారు. ఎండలోకి వెళ్తే అక్కడ కొంగు కప్పుకుంటోంది.

సిస్టర్ గారూ, ఆ రోజు ఫోన్ ఎత్తి "తీసుకురామ్మా, నేను చూస్తాను" అన్నారు చూడండి, ఆ మాటకి నేను, అమ్మ ఇద్దరం రుణపడి ఉన్నాం. పసుపు చూసి కూడా కసరని టెక్నీషియన్ గారికి, రోజూ ఆస్పత్రికి దింపిన మా బాబాయికి నమస్కారాలు. వచ్చే చెకప్‌కి అమ్మ మీకోసం సున్నుండలు చేసి తెస్తానంటోంది.