బిడ్డ ఇంటికొచ్చిన రోజు నుంచే సెలవు లెక్కపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సెలవు దరఖాస్తులు, సర్వీసు రిజిస్టర్ల మధ్యే నా ఉద్యోగం గడిచింది. మన ప్రాంతంలోని ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ నోటీసు బోర్డులో పెట్టిన సర్క్యులర్‌ను మా బంధువుల అబ్బాయి తెచ్చి చూపించాడు. దాన్ని చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. అందులో ఉన్నది మూడే వాక్యాలు. వివాహితులైన పురుష ఉద్యోగులకు పెటర్నిటీ లీవు పది రోజులు. ఏడాది లోపు బిడ్డను చట్టబద్ధంగా దత్తత తీసుకున్నవారికి కూడా, దత్తత ఉత్తర్వు తేదీ నుంచి అదే సెలవు. నెల రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి, వివరాలకు హెచ్‌ఆర్‌ను సంప్రదించాలి.

సెలవు ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి సెలవు ఇచ్చి తీరాలని చెప్పే కేంద్ర చట్టం లేదు కాబట్టి, కంపెనీ తనంతట తాను ముందుకొచ్చినందుకు సంతోషించాల్సిందే. కానీ చట్టం లేని చోట ఆ సర్క్యులరే చట్టం. అందులో ఒక్క మాట తప్పు పడితే ఉద్యోగి ఎవరి దగ్గరికి వెళ్లి వాదించుకోవాలి? మా వాడి విషయంలో బిడ్డ వయసు, తేదీ, ముందస్తు దరఖాస్తు, ఈ మూడు చోట్లా తప్పు పడింది.

అతనికి 44 ఏళ్లు, భార్యకు 42. పిల్లలు లేరు. దత్తత కోసం కేంద్ర సంస్థ కారా నడిపే పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకున్నారు. 2022 దత్తత నిబంధనల ప్రకారం, రెండేళ్ల లోపు బిడ్డను ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ రోజుకి భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. 90 వరకూ ఉంటే రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డ, 100 వరకూ ఉంటే నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డ. వీళ్లిద్దరి వయసులూ కలిపితే 86. అంటే రెండేళ్ల లోపు బిడ్డను వీళ్లకు ఇవ్వనే ఇవ్వరు. సర్క్యులరేమో ఏడాది లోపు బిడ్డ అంటోంది. కంపెనీ ఇస్తానన్న సెలవు ఈ దంపతులకు ఏ విధంగానూ దక్కేది కాదు. ఎంతోకాలం పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఆ తర్వాతే దత్తత వైపు వచ్చే జంటలు మనకు తెలిసినవే. వాళ్లు పోర్టల్‌లో పేరు నమోదు చేసుకునేసరికి నలభై దాటుతోంది. ఏడాది లోపు అన్న ఒక్క మాటతో సరిగ్గా వాళ్లనే బయట నిలబెట్టేశారు.

పైగా రెండేళ్లు దాటిన బిడ్డకు సెలవు అవసరం లేదనడం పిల్లల సంగతి తెలియని మాట. పసిగుడ్డుకు పాలు, నిద్ర చూసుకుంటే చాలావరకూ గడిచిపోతుంది. రెండున్నరేళ్ల పాపకు శిశుగృహలోని ఆయమ్మ ముఖం తెలుసు, పక్క మంచం మీది స్నేహితులు తెలుసు. కొత్త ఇంట్లో రాత్రి లేచి వాళ్ల కోసం ఏడుస్తుంది. మొదటి వారాల్లో అమ్మా నాన్నా ఇద్దరూ కళ్ల ముందు ఉండాల్సింది అలాంటి బిడ్డకే.

ఇక తేదీ సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పోర్టల్‌లో బిడ్డ వివరాలు వచ్చాక తల్లిదండ్రులు 48 గంటల్లో ఆ బిడ్డను తమకోసం రిజర్వు చేసుకోవాలి. తర్వాత సంస్థకు వెళ్లి బిడ్డను చూసి, ఒప్పుకుని సంతకాలు చేస్తారు. అప్పుడు బిడ్డను ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్ కింద, అంటే దత్తత ఉత్తర్వుకు ముందు సంరక్షణ కోసం, ఇంటికి పంపిస్తారు. ఆ పైనే దత్తత ఉత్తర్వు కోసం దరఖాస్తు వెళ్తుంది. 2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. దానికి రెండు నెలల గడువు ఉంది. అంటే బిడ్డ ముందు ఇంటికొస్తుంది, ఉత్తర్వు తర్వాత వస్తుంది.

మా వాడింటికి పాప జూన్ రెండో వారంలో వచ్చింది. ఉత్తర్వు ఆగస్టులో చేతికొచ్చింది. జూన్‌లో సెలవు అడిగితే, ఉత్తర్వు లేదు కాబట్టి ఇవ్వలేమన్నారు. ఆగస్టులో అడిగితే, బిడ్డకు ఏడాది దాటింది కాబట్టి కుదరదన్నారు. నెల ముందు దరఖాస్తు ఏదని కూడా అడిగారు. 48 గంటల్లో అవునో కాదో చెప్పాల్సిన మనిషి నెల ముందు తేదీ ఎక్కణ్ణుంచి తెస్తాడు? ప్రసవానికైతే డాక్టరు ఇచ్చిన డేటు ఉంటుంది, దత్తతకు అలాంటిది ఉండదు. చివరికి జూన్‌లో ఇంట్లో ఉన్న రోజులన్నీ జీతం కోతలోకే పోయాయి. హెచ్‌ఆర్‌లో కూర్చున్న అమ్మాయి చెడ్డదేం కాదు, సర్క్యులర్‌లో ఉన్నదే చదివింది.

ఇది పరిష్కారం లేని సమస్యా అంటే కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సెలవు నిబంధనలు ఈ ముడిని ఎప్పుడో విప్పాయి. ఇద్దరి కంటే తక్కువ పిల్లలున్న మహిళా ఉద్యోగికి దత్తత సెలవు 180 రోజులు, పురుష ఉద్యోగికి 15 రోజులు. బిడ్డను ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్‌లోకి తీసుకున్న రోజు నుంచే ఆ సెలవుకు అర్హత వస్తుంది. తర్వాత ఏ కారణం వల్లనైనా దత్తత పూర్తికాకపోతే, అప్పటికే వాడుకున్న రోజుల్ని ఉద్యోగి ఖాతాలో ఉన్న వేరే సెలవులోంచి మినహాయిస్తారు. యాజమాన్యానికి నష్టం లేదు, బిడ్డకు అన్యాయం లేదు. అక్కడా ఏడాది లోపు బిడ్డ అన్న షరతు ఉంది. దాన్ని మాత్రం మన కంపెనీలు కాపీ చేయకపోతే మేలు.

ప్రైవేటులో పనిచేసే తల్లుల విషయానికొస్తే, 2017లో మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని సవరించినప్పుడు, మూడు నెలల లోపు బిడ్డను దత్తత తీసుకున్న తల్లికి 12 వారాల సెలవు పెట్టారు. అందులోనూ లెక్క మొదలయ్యేది బిడ్డను తల్లి చేతికి అప్పగించిన రోజు నుంచే. ఆ సవరణలో పెట్టిన మూడు నెలల పరిమితి మాత్రం మొదటి నుంచీ ఆచరణకు నిలవనిదే. కన్నవాళ్లు బిడ్డను అప్పగించినా, మనసు మార్చుకునేందుకు వాళ్లకు 60 రోజుల గడువు ఉంటుంది. అది గడిచాకే బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డను దత్తతకు అర్హమని ప్రకటిస్తుంది. ఆ తర్వాత తల్లిదండ్రుల్ని వెతికి, బిడ్డను ఇల్లు చేర్చేసరికి మూడు నెలలు నిండిపోవడం మామూలే. కంపెనీలు తమ సర్క్యులర్‌లో అలాంటి వయసు పరిమితి పెట్టకపోతే వద్దనేవారెవరూ లేరు. చట్టం చెప్పింది కనీసం మాత్రమే.

కన్న బిడ్డల తండ్రుల విషయంలోనూ ఒక మాట చెప్పాలి. మన వైపు తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది. భర్త రాజాంలో పనిచేస్తుంటే భార్య పలాసలోనో సాలూరులోనో ఉంటుంది. ఆవిడ వాళ్లమ్మ దగ్గరుంది కదా, నీకెందుకయ్యా సెలవు అనే సూపర్‌వైజర్లను చూశాను. అందుకే సెలవు కాన్పుకు ముందు నుంచీ, ఆ తర్వాత ఆరు నెలల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చని స్పష్టంగా రాయాలి. భార్యాబిడ్డలు తిరిగొచ్చే సమయానికి కొన్ని రోజులు మిగుల్చుకోవాలనుకునే వాళ్లుంటారు కాబట్టి, రెండు విడతలుగా తీసుకోవచ్చా లేదా, మధ్యలో వచ్చే ఆదివారాలు కలుస్తాయా లేదా అన్నది కూడా అందులోనే ఉండాలి. కాగితం కోసం బర్త్ సర్టిఫికెట్టే కావాలని పట్టుబట్టకూడదు. అది వచ్చేలోపు సెలవు అవసరమే తీరిపోతుంది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం చాలు, సర్టిఫికెట్ తర్వాత ఇస్తారు.

నాకు అధికారం ఉంటే ఆ సర్క్యులర్‌ను ఇలా రాసేవాణ్ణి:

“బిడ్డ పుట్టినా, దత్తత ద్వారా వచ్చినా, సరోగసీ ద్వారా కలిగినా, తండ్రి అయిన ప్రతి ఉద్యోగికీ జీతంతో కూడిన సెలవు ఉంటుంది. పెళ్లయిందా, ఒంటరి తండ్రా అన్నది చూడము. ప్రొబేషన్‌లో ఉన్నవారికీ, కాంట్రాక్టరు ద్వారా పనిచేస్తున్నవారికీ ఇదే వర్తిస్తుంది. దత్తత అయితే బిడ్డను మీకు అప్పగించిన రోజు నుంచి లెక్క. బిడ్డ వయసు 18 ఏళ్ల లోపు ఎంతైనా ఫర్వాలేదు. రిజిస్ట్రేషన్ అయ్యాక మీకు ఇష్టమైతే ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి, తేదీ అక్కర్లేదు. బిడ్డ ఖరారైన రోజు ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా చాలు. ఫారం, దానితో పాటు సంస్థ ఇచ్చిన ఫోస్టర్ కేర్ కాగితం నకలు, మీరు తిరిగి డ్యూటీలో చేరిన వారం లోపు ఇవ్వండి. కలెక్టర్ ఉత్తర్వు వచ్చాక దాని నకలు ఇవ్వండి. బంధువుల బిడ్డను హిందూ దత్తత చట్టం ప్రకారం తీసుకుంటే, రిజిస్టరైన దత్తత పత్రం నకలు ఇవ్వాలి. ఫారం మూడు పని దినాల్లో మంజూరు అవుతుంది. తిరస్కరిస్తే కారణం రాసి ఇస్తాము. దాని మీద ప్లాంట్ మేనేజర్‌కు అప్పీలు చేసుకోవచ్చు.”

ఇందులో కాంట్రాక్టు కార్మికుల మాట కావాలనే రాశాను. ఆ వాక్యం లేకపోతే, గేటు దగ్గర ఒకే షిఫ్టులో దిగే ఇద్దరిలో ఒకడికి సెలవు ఉంటుంది, ఇంకొకడికి ఉండదు. దత్తత పత్రం మాట కూడా అంతే. మన ఊళ్లలో అన్న బిడ్డనో అక్క బిడ్డనో పెంపకానికి తెచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే, కానీ చాలామంది కాగితం రాసుకోరు. సెలవు కోసమైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే, రేపు ఆ బిడ్డ బడికీ ఆస్తికీ అదే పనికొస్తుంది.

అడగకూడని కాగితాలేవో కూడా సర్క్యులర్‌లో ఉండాలి. దత్తత సంస్థ తయారుచేసే హోమ్ స్టడీ రిపోర్టులో దంపతుల ఆరోగ్యం, ఆదాయం, ఇంటి సంగతులు అన్నీ ఉంటాయి. బిడ్డ గురించిన రిపోర్టులో ఆ బిడ్డ వెనకటి కథ ఉంటుంది. అవి హెచ్‌ఆర్ ఫైల్లోకి రావాల్సిన పనేమీ లేదు. మా వాణ్ణి ఆ రెండూ తెమ్మన్నారు. అతను ఇవ్వలేదు, మంచి పని చేశాడు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫ్యాక్టరీలు, ప్రైవేటు కాలేజీలు, ఆసుపత్రులు నడిపే యాజమాన్యాలు తమ సర్క్యులర్‌ను ఒకసారి తీసి, ఏ తేదీ నుంచి లెక్కపెడుతున్నారో చూడాలని కోరుతున్నాను. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు దత్తత తల్లుల 12 వారాల సెలవు సంగతి కూడా అడగాలి. మీ పత్రిక ఈ రెండు జిల్లాల శిశుగృహల నుంచి ఈ మధ్య బిడ్డల్ని తెచ్చుకున్న తల్లిదండ్రులతో, వాళ్ల పేర్లు బయటపెట్టకుండా, మాట్లాడి సెలవు దొరికిందో లేదో రాస్తే చాలామందికి మేలు జరుగుతుంది.

ఇట్లు,
విశ్రాంత ఎస్టాబ్లిష్‌మెంట్ ఉద్యోగి,
విజయనగరం
(బిడ్డ వివరాలు బయటపడకుండా ఉండేందుకు నా పేరు ప్రచురించవద్దని మనవి)